బండి ఒకటే, తాళాలు మూడు: ఖర్చు ఎవరిది ఎంత?

కారు ఇన్సూరెన్సు రెన్యువల్ మెసేజ్ వచ్చిన రోజు తోబుట్టువుల వాట్సాప్ గ్రూపు చూడాలి. అందరికీ నీలం టిక్కులు పడతాయి గానీ ఎవరి దగ్గర నుంచీ ఉలుకూ పలుకూ ఉండదు. బండిని రోజూ నడిపే అక్క, ఏ రాత్రికో "ముగ్గురిదీ కదా, తలా మూడో వంతు వేసుకుందాం" అని పెడుతుంది. ఆదివారాలు మాత్రమే బండి తీసే అన్నకు ఆ మాట మింగుడుపడదు. ఎవరు ఎంత తిప్పితే అంత కట్టుకోవడమే న్యాయం అంటాడు. పండక్కి ఊరొచ్చే తమ్ముడు "ఏడాదికి రెండుసార్లు తాళం పట్టుకునేవాణ్ణి, నాకెందుకు ఇన్సూరెన్సు" అని లోపల అనుకుంటాడు, పైకి అనడు.

ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత న్యాయం ఉంది. ఎవరి మాట ప్రకారం లెక్క మొత్తం తేల్చినా ఇంకొకరికి అన్యాయం జరుగుతుంది. ఎందుకంటే కారు ఖర్చంతా ఒక్క తీరుగా పుట్టదు. కొంత ఖర్చు బండి కదిలినా కదలకపోయినా క్యాలెండరు తిరిగితే చాలు వచ్చి పడుతుంది. కొంత మీటరు తిరిగితేనే వస్తుంది. ఇంకొంత ఫలానా రోజు, ఫలానా మనిషి చేతిలో ఉండగా జరిగినదాన్ని బట్టి వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ అందరికీ ఒకటే, కరెంటు బిల్లు మాత్రం ఎవరి మీటరు వాళ్లది. ఆ పద్ధతి అలవాటైన మనం కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంతా కలిపేసి మూడుతో భాగిస్తాం.

విజయవాడలో ఒక ఇల్లు అనుకుందాం. నాన్న కొన్న 1200 సీసీ పెట్రోలు కారు. నాన్న పోయాక బండి అన్న పేరుకు మారింది. ఉండేది మాత్రం అమ్మ దగ్గరే, ఆ ఇంట్లోనే అక్క కుటుంబం కూడా ఉంటుంది. అక్క దాన్ని రోజూ ఆఫీసుకు తీసుకెళ్తుంది. అన్న ఊళ్లోనే వేరే పేటలో ఉంటాడు. వారాంతాల్లోనూ, ఏలూరులో అత్తగారింటికి వెళ్లేటప్పుడూ తీస్తాడు. తమ్ముడిది హైదరాబాదు. సంక్రాంతికీ ఎండాకాలం సెలవులకూ వచ్చి పిల్లల్ని తిరుపతి తిప్పుకొస్తాడు. ఏడాదికి బండి 12,000 కిలోమీటర్లు తిరుగుతుంది.

అమ్మ కిలోమీటర్లు

ఆ 12,000లో ఎవరి వాటా ఎంతో తేల్చేటప్పుడే మొదటి గొడవ వస్తుంది. అక్క ఖాతాలో 7,200 కిలోమీటర్లు కనిపిస్తాయి. అయితే అందులో అమ్మను బీపీ చెకప్‌కు తీసుకెళ్లినవీ, కంటి ఆపరేషన్ తర్వాత నెల రోజులు ఆస్పత్రి చుట్టూ తిరిగినవీ, చుట్టాల పెళ్లికి ఇంటి తరఫున వెళ్లొచ్చినవీ ఉన్నాయి. స్టీరింగు పట్టుకుంది అక్కే గానీ ఆ పని ముగ్గురిదీ. దాన్ని అక్క వాడకం కింద రాస్తే, అమ్మను చూసుకుంటున్నందుకు ఆమెకు జరిమానా వేసినట్టే. చాలా ఇళ్లలో అక్క నోరు మెదపకుండా మోసే ఖర్చు ఇదే. ఎప్పుడో ఒకరోజు సంబంధం లేని విషయం మీద ఆ కోపం బయటపడుతుంది.

కాబట్టి పుస్తకంలో మూడు కాదు, నాలుగు గడులు ఉండాలి. నాలుగోది అమ్మది. మన ఇంట్లో లెక్క ఇలా తేలిందనుకుందాం: అక్క సొంతంగా 5,400, అన్న 3,600, తమ్ముడు 1,200, అమ్మ కోసం 1,800. అమ్మ కిలోమీటర్లను ముగ్గురికీ సమానంగా పంచితే తలా 600 కలుస్తాయి. అప్పుడు అక్కవి 6,000, అన్నవి 4,200, తమ్ముడివి 1,800. అంటే వందలో 50, 35, 15. అమ్మ గడి లేకుండా చూస్తే అక్క వాటా వందకు 60, తమ్ముడిది 10. ఒక్క గడి పెట్టినందుకే ఇంత తేడా వచ్చింది.

ఈ లెక్క రాయడానికి పెద్ద తతంగం అక్కర్లేదు. బండి తీసేటప్పుడు ఒకసారి, తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి మీటరు ఫోటో తీసి గ్రూపులో పెడితే సరిపోతుంది. తేదీ, టైము వాటంతటవే పడతాయి. ఒకటే జాగ్రత్త: ఫోటో తీయాల్సింది ఓడోమీటరుది, ట్రిప్ మీటరుది కాదు. ట్రిప్ మీటరును ఎవరైనా బటన్ నొక్కి సున్నా చేసేయవచ్చు, పిల్లలకు అదొక ఆట. రోజూ నడిపే అక్క ప్రతిసారీ ఫోటో పెట్టనక్కర్లేదు. అన్న, తమ్ముడు తీసినవీ, అమ్మ పని మీద తిరిగినవీ పోగా మిగిలింది ఆమెదే.

పెట్రోలు: ట్యాంకు నింపి ఇవ్వడం

అన్నిటికంటే పెద్ద ఖర్చు పెట్రోలే. అన్నిటికంటే తేలిగ్గా తేలేదీ అదే, పద్ధతి పాటిస్తే. బండి తీసుకునేటప్పుడు ట్యాంకు నిండుగా ఉండాలి, తిరిగి ఇచ్చేటప్పుడూ నిండుగా ఉండాలి. మధ్యలో ఎవరు ఎంత కాల్చారో వాళ్లే పోయించుకున్నట్టవుతుంది, భాగహారాలతో పని లేదు.

చాలామంది దీనికి బదులు "సగం ట్యాంకుతో తీసుకున్నాను, సగం ట్యాంకుతో ఇస్తున్నాను" అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. ట్యాంకులో తేలే బుడ్డి ఎత్తును బట్టి డ్యాష్‌బోర్డు మీద గీతలు మారతాయి. ట్యాంకు ఆకారం పైనా కిందా ఒకేలా ఉండదు కాబట్టి గీతలన్నీ సమానమైన లీటర్లు చూపించవు. చాలా కార్లలో నిండుగా పోయించాక మొదటి గీత ఎంత దూరం వెళ్లినా కదలదు, సగం దాటాక మాత్రం గీతలు గబగబా పడిపోతాయి. పైగా గట్టు వారగా ఒక పక్కకు ఒరిగేలా ఆపితే ముల్లు ఇంకోలా చూపిస్తుంది. సుమారు 37 లీటర్ల ట్యాంకులో ఒక గీత అటూ ఇటూ అయితే నాలుగైదు లీటర్లు, అంటే దాదాపు 500 రూపాయలు. "ఏరా, ఎర్ర లైటు వెలిగేదాకా తిప్పి తాళం పడేసి పోయావేంటి?" అని అక్క అంటే, "లేదక్కా, రెండు గీతలున్నాయి" అని తమ్ముడు అనడం. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు.

నిండుగా అంటే ఎంతో కూడా ముందే అనుకోవాలి. బంకులో గన్ను మొదటిసారి టక్కున దానంతటదే ఆగిందే, అదే నిండుగా. ఆ తర్వాత "రౌండ్ ఫిగర్ చేద్దాం సార్" అని కుర్రాడు మెడ దాకా నింపితే లెక్క తప్పడమే కాదు, ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే డబ్బాలోకి పెట్రోలు దిగి అది పాడయ్యే అవకాశం ఉంది. వీలైతే ఇంటి దగ్గరి ఒకే బంకులో పోయించడం మంచిది.

ఇదంతా ఎందుకు, మొత్తం పెట్రోలు ఖర్చును కిలోమీటర్లతో భాగిస్తే పోదా అని అడగవచ్చు. పోదు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని పాకే కారు లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే, అదే కారు హైవే మీద నిలకడగా 80లో పోతే 20 దాకా ఇవ్వవచ్చు. లీటరు 110 రూపాయలు అనుకుని మన ఇంటి లెక్క చూద్దాం. అక్క 5,400 కిలోమీటర్లకు 450 లీటర్లు కాల్చింది, 49,500 రూపాయలు. అన్నది ఊరూ హైవే కలిసిన వాడకం, లీటరుకు 16 చొప్పున 225 లీటర్లు, 24,750 రూపాయలు. తమ్ముడు అంతా హైవే మీదే, 60 లీటర్లు, 6,600 రూపాయలు. అమ్మ పనులన్నీ ఊళ్లోవే కాబట్టి 150 లీటర్లు, 16,500 రూపాయలు, తలా 5,500. అన్నీ కలిపితే అక్క మీద 55,000, అన్న మీద 30,250, తమ్ముడి మీద 12,100 పడ్డాయి.

అదే 97,350 రూపాయల మొత్తాన్ని 50, 35, 15 వంతులుగా పంచి ఉంటే తమ్ముడు 14,600, అన్న 34,070 కట్టాల్సి వచ్చేది. అక్క 48,675తో బయటపడేది. అంటే ఊళ్లో ట్రాఫిక్‌లో కాలిన పెట్రోలులో ఆరు వేల పైచిలుకు, హైవే మీద తిరిగిన వాళ్ల జేబులోంచి పోయినట్టు. అక్క తప్పేమీ లేదు, కొలత తప్పు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. అక్క రోజూ బండి తీస్తుంది కాబట్టి అన్నకో తమ్ముడికో ఇచ్చే ముందు రోజు మాత్రం ఆమె ట్యాంకు నింపి పెట్టాలి. వాళ్లు చెప్పాపెట్టకుండా వచ్చి తాళం అడిగితే ఇది కుదరదు. అలాంటప్పుడు తీసుకునేవాళ్లే బయల్దేరగానే బంకుకు వెళ్లి నింపించి, ఆ బిల్లు ఫోటో గ్రూపులో పెడితే అక్క ఆ డబ్బు పంపేస్తుంది. అమ్మ పనులకు విడిగా ట్యాంకు నింపడం కుదిరే పని కాదు. వాటికి ఊరి మైలేజీ 12 అని ఒక అంకె ఖాయం చేసుకుని కిలోమీటర్ల లెక్కన వేసుకోవడమే మార్గం.

ఇన్సూరెన్సు: ఒక రసీదులో రెండు బీమాలు

ఇన్సూరెన్సు కాగితం తీసి చూస్తే మొత్తం ఒక్క అంకెగానే కనిపిస్తుంది గానీ లోపల రెండు వేర్వేరు ఖర్చులున్నాయి. ఒకటి థర్డ్ పార్టీ. మన బండి తగిలి ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి అది. అది లేకుండా బండి రోడ్డెక్కడం చట్టవిరుద్ధం. ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 1000 సీసీ దాటి 1500 లోపున్న సొంత కార్లకు 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేటు 3,416 రూపాయలు. రెండోది ఓన్ డ్యామేజి, మన బండికి జరిగిన నష్టానికి. దీని ధర బండి విలువను బట్టీ, కంపెనీని బట్టీ మారుతుంది.

మన కారుకు ఓన్ డ్యామేజి ప్రీమియం 9,000 అనుకుందాం. మూడేళ్లుగా క్లెయిము లేదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ వందకు 35 తగ్గి 5,850 అయింది. దానికి థర్డ్ పార్టీ 3,416, ఓనరు ప్రమాద బీమా వగైరా 734 కలిపితే 10,000. పద్దెనిమిది శాతం జీఎస్టీతో 11,800.

ఇందులో థర్డ్ పార్టీ భాగాన్ని ముగ్గురూ సమానంగా కట్టడం సబబు. తమ్ముడు ఏడాదికి 1,200 కిలోమీటర్లే తిరిగినా, ఆ కాగితం లేకపోతే ఆ 1,200 కూడా తిరగలేడు. సంక్రాంతికి వచ్చేసరికి బండి సిద్ధంగా ఉండటానికి అతను ఇచ్చే ఖరీదు అది. పన్నుతో కలిపి 4,030 రూపాయలు, తలా 1,343. మిగిలిన 7,770ని కిలోమీటర్ల వంతున పంచవచ్చు, ఎందుకంటే గీతలూ సొట్టలూ తిరిగే బండికే ఎక్కువ. అప్పుడు అక్క సుమారు 5,230, అన్న 4,060, తమ్ముడు 2,510 కడతారు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఇళ్ల ముందు ఆపి ఉంచిన కార్లే మునిగిపోయాయి, ఒక్క కిలోమీటరు కూడా కదలకుండా. దొంగతనమూ అంతే. కాబట్టి ఓన్ డ్యామేజిలోనూ కొంత భాగం అందరికీ సమానమే. నిజమే గానీ, ఆ భాగమెంతో విడదీసి చెప్పే కాగితం ఏ కంపెనీ ఇవ్వదు. విడదీసినా ముగ్గురి మధ్యా తేలే తేడా కొన్ని వందలకు మించదు. అంత లోతుకు పోవడం అనవసరమని నా అభిప్రాయం.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఆ 734లో దాగుంది. పాలసీతో పాటు తీసుకునే 15 లక్షల తప్పనిసరి ప్రమాద బీమా, లైసెన్సు ఉన్న ఓనరుకు మాత్రమే వర్తిస్తుంది. ఓనరంటే ఆర్సీలో పేరున్న మనిషి. మన ఇంట్లో అది అన్న. వారానికి ఒకసారి నడిపే అన్నకు 15 లక్షల రక్షణ ఉంది, రోజూ నడిపే అక్కకు ఈ పాలసీలో అది లేదు. చాలామంది అక్కలకు ఈ సంగతి తెలియదు. అన్న ప్రమాద బీమా డబ్బు అన్నే కట్టుకుని, అక్క తన పేరున విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోవడం మంచిది. అన్నకు వేరే పాలసీలో ఇప్పటికే 15 లక్షల ప్రమాద బీమా ఉంటే ఇక్కడ మళ్లీ తీసుకోనక్కర్లేదు.

తిరిగిన దూరాన్ని బట్టి ప్రీమియం కట్టే పద్ధతికి 2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. తక్కువ తిరిగే బండికి అది లాభమే. అయితే ఉమ్మడి బండికి అది కొత్త పేచీ తెస్తుంది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని ముందే గీత గీస్తారు. ఏడాది చివర్లో తమ్ముడి తిరుపతి ప్రయాణంతో ఆ గీత దాటితే, దాటించింది తమ్ముడా, ఏడాదంతా తిప్పిన అక్కా? ఏడాదికి 12,000 తిరిగే ఈ ఇంటికి అది వద్దనే అంటాను.

సర్వీసింగు: షెడ్డుకు పంపింది ఎవరు?

పెట్రోలు కార్లకు చాలా కంపెనీలు చెప్పే మాట ఒకటే: 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. పంపకానికి కావలసిన సూత్రం ఆ మాటలోనే ఉంది. కిలోమీటర్లు ముందు నిండి బండి షెడ్డుకు వెళ్తే బిల్లు కిలోమీటర్ల వంతున పంచాలి. బండి తక్కువ తిరిగి ఏడాది ముందు నిండితే సమానంగా పంచాలి, ఎందుకంటే అప్పుడు నూనె మార్పించింది వాడకం కాదు, కాలం. మన కారుకు పదో నెలలోనే 10,000 నిండాయి. బిల్లు 6,500 అయితే అక్క 3,250, అన్న 2,275, తమ్ముడు 975.

బిల్లు మొత్తాన్నీ ఒకే గాటన కట్టకుండా వరసలు చదవాలి. ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, బ్రేకు ప్యాడ్లు, వీల్ అలైన్‌మెంటు కిలోమీటర్లవి. బ్యాటరీ, వైపర్ రబ్బర్లు, బ్రేక్ ఆయిలు కాలానివి, ఎండకీ వయసుకీ పోతాయి, కాబట్టి సమానం. ఇక మధ్యాహ్నం షెడ్డు నుంచి ఫోను వస్తుంది, "మేడమ్, ఏసీ క్లీనింగ్, ఇంజన్ కోటింగ్ కూడా చేయించమంటారా?" అని. ఆ ఫోను ఎత్తినవాళ్లు సరే అన్న ప్రతిదానికీ తర్వాత మిగతా ఇద్దరూ మొహం మాడ్చుకుంటారు. వెయ్యి దాటే అదనపు పని ఏదైనా గ్రూపులో అడిగాకే అని ముందే అనుకుంటే ఆ బాధ లేదు.

సర్వీసింగులో అసలు పేచీ మామూలు బిల్లు దగ్గర రాదు, టైర్ల దగ్గర వస్తుంది. నాలుగు టైర్లూ కలిపి 18,000 అనుకుందాం. అవి సుమారు 45,000 కిలోమీటర్లు వస్తాయనుకుంటే కిలోమీటరుకు 40 పైసలు. ప్రతి మనిషీ నడిపిన ప్రతి కిలోమీటరుకూ ఆ 40 పైసలు అరిగిపోతూనే ఉంటాయి గానీ డబ్బు మాత్రం నాలుగేళ్లకోసారి ఒక్కసారిగా కట్టాలి. ఆ రోజు తమ్ముడు అమెరికాలో ఉండవచ్చు, లేదా అన్న సొంత కారు కొనుక్కుని ఉండవచ్చు. అరగదీసింది ముగ్గురైతే కొనేది అక్క ఒక్కతే అవుతుంది.

దీనికి విరుగుడు, అరిగినప్పుడే డబ్బు పక్కన పెట్టడం. టైర్లకు 40 పైసలు, బ్రేకులూ క్లచ్చూ సస్పెన్షనూ కలిపి ఇంకో 60 పైసలు, మొత్తం కిలోమీటరుకు ఒక రూపాయి. మూడు నెలలకోసారి మీటరు లెక్క చూసి ఎవరి కిలోమీటర్లకు తగ్గ రూపాయలు వాళ్లు ఒక ఖాతాలో వేస్తే, ఏడాదికి అక్క 6,000, అన్న 4,200, తమ్ముడు 1,800. నాలుగేళ్లలో 48,000 పోగవుతుంది. టైర్లు మార్చే రోజు ఎవరూ ఎవరికీ ఫోను చేయనక్కర్లేదు.

మరి ఒకరు బండిని సుతారంగా, ఇంకొకరు మొరటుగా నడిపితే? క్లచ్ మీద కాలు పెట్టుకునే నడిపే అలవాటు ఉన్నవాళ్ల చేతిలో క్లచ్ ప్లేటు సగం దూరానికే అరిగిపోతుంది. ఎక్సలేటరు తొక్కితే ఇంజను గోల పెరుగుతుంది గానీ బండి వేగం అందుకోదు, ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. అంటే ప్లేటు పోతోందని. అయితే అది ఎవరి కాలి కింద అరిగిందో ఏ మెకానిక్కూ చెప్పలేడు. టైరు లోపలి అంచు ఒక్కటే అరిగితే అలైన్‌మెంటు తప్పిందని, రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువతో తిప్పారని చెప్పవచ్చు. అప్పుడు కూడా ఎవరు తిప్పారన్నది తేలదు. తేలని దాని మీద విచారణ పెట్టకూడదు. మెల్లగా అరిగేవన్నీ ఉమ్మడి నిధివే. గుంతలో పడి రిమ్ము వంగడం, టైరు పక్క తెగడం లాంటివి మాత్రం ఆ రోజు నడిపినవాళ్లవి.

గీత పడినప్పుడు

అన్న ఏలూరు సందులో వెనక్కి తీస్తూ గోడకు రాశాడు. వెనక బంపరు పగిలింది. షెడ్డులో 6,000 అంచనా వేశారు, అందులో బంపరు ఖరీదు 4,000. "ఇన్సూరెన్సు ఉందిగా, క్లెయిము చేసేయ్" అనేది అందరి నోటా వచ్చే మొదటి మాట. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క వేయాలి.

జీరో డెప్ తీసుకోకపోతే ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు, అంటే బంపరులో 2,000 పోయింది. 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిములోనూ తప్పనిసరిగా మన చేతి నుంచి పెట్టుకోవలసింది 1,000. అటూ ఇటూ చూస్తే కంపెనీ ఇచ్చేది 3,000. ఆ మూడు వేలు తీసుకున్న పాపానికి నో క్లెయిమ్ బోనస్ సున్నాకు పడిపోతుంది. వచ్చే ఏడు 45 శాతం రావలసింది రాదు. 9,000 మీద 4,050, పన్నుతో 4,800 దాకా నష్టం. ఆ పై ఏడు 50 శాతం రావలసిన చోట 20 వస్తుంది, ఇంకో 3,200. బండి విలువ తగ్గే కొద్దీ ఈ అంకెలు కొంచెం తగ్గుతాయి గానీ, రెండేళ్లలోనే పోయేది ఎనిమిది వేల దరిదాపుల్లో ఉంటుంది. మూడు వేల కోసం ఎనిమిది వేలు.

పైగా ఆ మూడు వేలు వల్ల లాభపడింది అన్న, ఎనిమిది వేలు పోగొట్టుకునేది ముగ్గురూ. అందుకే చిన్న దెబ్బలకు నడిపిన మనిషి చేతి డబ్బుతోనే బాగు చేయించుకోవాలి. పెద్ద ప్రమాదమైతే క్లెయిము చేయక తప్పదు. అప్పుడు కంపెనీ కోత పెట్టిన డబ్బు, మరుసటి ఏడాది పోయిన బోనస్సు నడిపినవాళ్లు పెట్టుకుని, ఆ తర్వాతి ఏళ్ల నష్టం అందరూ మోస్తే బాగుంటుంది. ఒకరి చేతిలో దెబ్బ తగలడం రేపు ఇంకొకరికీ జరగవచ్చు కదా. ఆపి ఉంచిన బండి మీద కొమ్మ విరిగి పడితే మొత్తం ఉమ్మడిదే. నడిపే ముగ్గురి లైసెన్సులూ గడువులో ఉన్నాయో లేదో రెన్యువల్ నాడే చూసుకోవాలి, లైసెన్సు చెల్లని మనిషి నడిపితే ఓన్ డ్యామేజి క్లెయిము నిలవదు. అలాగే తోబుట్టువులు ఖర్చు పంచుకోవడం వేరు, బండిని స్నేహితుడికి రోజుకు ఇంతని అద్దెకివ్వడం వేరు. సొంత కారు పాలసీ అద్దె వాడకానికి వర్తించదు.

చలానాలు ఆర్సీలో పేరున్న అన్న ఫోనుకే వస్తాయి. వాటి మీద తేదీ, సమయం, చోటు ఉంటాయి, గ్రూపులో మీటరు ఫోటోలతో పోల్చితే ఎవరిదో తెలిసిపోతుంది. ఫాస్టాగ్ డబ్బు కూడా అంతే. 2025 ఆగస్టులో జాతీయ రహదారుల మీద సొంత వాహనాలకు 3,000 రూపాయల ధరతో వార్షిక పాస్ మొదలైంది, ఏడాది లేదా 200 ట్రిప్పులు. దాన్ని తీసుకుంటే టోలు దాటిన లెక్కన పంచుకోవాలి, ఊరు దాటని అక్క మీద అది పడకూడదు.

చివరగా ఆర్సీలో పేరు గురించి. నాన్న పోయినప్పుడు ఆయన పేరున ఉన్న పాలసీ వెంటనే రద్దయిపోదు, మూడు నెలలు లేదా గడువు తేదీ, ఏది ముందైతే అప్పటిదాకా నడుస్తుంది. ఆ లోపు ఫారం 31తో వారసుల్లో ఒకరి పేరుకు మార్పించుకోవాలి. ఆయన సంపాదించిన నో క్లెయిమ్ బోనస్సు కూడా ఆ వారసుడికి వస్తుంది. ఇక్కడొక మెలిక ఉంది: బోనస్సు బండిది కాదు, మనిషిది. ముగ్గురూ అయిదేళ్లు జాగ్రత్తగా నడిపి 50 శాతానికి చేర్చాక అన్న ఈ బండి అమ్మేసి సొంతానికి కొత్త కారు కొంటే, కంపెనీ నుంచి ఒక ఉత్తరం తీసుకుని ఆ 50 శాతం తన కొత్త కారుకు పట్టుకెళ్లిపోవచ్చు. అక్క కొనుక్కునే కారుకు మాత్రం సున్నా నుంచే మొదలు. కొత్త కారు ఓన్ డ్యామేజి 20,000 అయితే అన్నకు మిగిలేది 10,000. ఆ పదివేలల్లో అక్క, తమ్ముడి భాగం ఎంతో, పాత బండి అమ్మిన డబ్బు పంచుకునే రోజే, అదే కాగితం మీద రాసి తేల్చేసుకోవాలి.